ఆ ఏడు వోల్టులు ఎటు పోతున్నాయి?

మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయేలా చిన్న బోర్డు కట్టుకునేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుగా చేస్తారు, చేతి పని తెలిసినవాళ్లు ఇంట్లోకే చేసుకుంటారు. వైఫై ఉన్న ఒక ఈఎస్‌పీ32, రెండు నీలం రిలేలు, చిన్న డిస్‌ప్లే, నీటి మట్టం చూసే సెన్సర్ అందులో ఉంటాయి. వీటన్నిటికీ 5 వోల్టులు ఇస్తే చాలు. కానీ పైపుకి బిగించిన వాల్వు 12 వోల్టులది. అందుకని 12 వోల్టుల అడాప్టర్ ఒకటి తెచ్చి, వాల్వుకి నేరుగా ఇచ్చి, బోర్డు వైపు మధ్యలో ఒక 7805 పెడతారు. మూడు కాళ్ల నల్లటి చిప్పు అది. ఒక కాలికి 12 ఇస్తే మరో కాలి నుంచి 5 వస్తుంది, మధ్య కాలు గ్రౌండ్.

బిగించగానే అంతా చక్కగా నడుస్తుంది. రోజంతా వదిలేసినా ఇబ్బంది ఉండదు. తీరా రిలేలు రెండూ పడ్డాక ఒకటి రెండు నిమిషాలకు డిస్‌ప్లే మసకబారి, బోర్డు రీసెట్ అయిపోతుంది. కాసేపటికి మళ్లీ లేస్తుంది, రిలేలు పడతాయి, మళ్లీ ఆగుతుంది. చేసినవాళ్లు కోడ్‌లో తప్పేదో ఉందని రాత్రంతా వెతుకుతారు. తప్పు ఉన్నది ఆ మూడు కాళ్ల చిప్పు దగ్గర.

7805ని లీనియర్ రెగ్యులేటర్ అంటారు. దానిలోపల ఒక ట్రాన్సిస్టర్ కరెంటుకి దారి పొడవునా అడ్డు నిలిచి, అవుట్‌పుట్ సరిగ్గా 5 వోల్టుల దగ్గర ఉండేలా తన అడ్డును క్షణక్షణం సర్దుకుంటూ ఉంటుంది. పాత రోజుల్లో గోడకి బిగించిన పెద్ద ఫ్యాన్ రెగ్యులేటర్ గుర్తుందా? ఫ్యాన్‌ను ఒకటి మీద పెడితే ఆ డబ్బా వేడెక్కేది. ఫ్యాన్ వాడుకోని వోల్టేజీని లోపలి తీగచుట్ట వేడిగా మార్చేసేది. ఇక్కడ జరిగేదీ అదే. 12కీ 5కీ మధ్య ఉన్న 7 వోల్టులు చిప్పులోనే పడిపోతాయి. బోర్డు ఎంత కరెంటు లాగితే అంతా ఆ 7 వోల్టుల గుండానే దిగాలి. 7ని ఆ కరెంటుతో గుణిస్తే ఎన్ని వాట్ల వేడి పుడుతోందో తెలిసిపోతుంది.

మన బోర్డుకే లెక్క వేద్దాం. వైఫై ఆన్‌లో ఉన్న ఈఎస్‌పీ32 సగటున 120 మిల్లీఆంపులు తీసుకుంటుందనుకుందాం. డిస్‌ప్లేకీ సెన్సర్‌కీ కలిపి మరో 40. అంటే రిలేలు పడకముందు 160 మిల్లీఆంపులు, వేడి దాదాపు 1.1 వాట్లు. ఇది చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ హీట్‌సింక్ లేకుండా నిలబెట్టిన 7805, పుట్టిన ప్రతి వాటుకీ చుట్టూ ఉన్న గాలి కన్నా సుమారు 65 డిగ్రీలు పైకి వెళ్తుంది. ఈ అంకె దాని డేటాషీట్‌లో ఉంటుంది. మే నెలలో గది 40 డిగ్రీలు ఉంటే, చిప్పు లోపల 113 డిగ్రీలు. దాని హద్దు 125. అంటే రిలేలు పడకముందే హద్దుకి కూతవేటు దూరంలో ఉంది. పైకి మాత్రం ఏ తేడా కనపడదు.

ఇప్పుడు రిలేలు పడ్డాయి. ఆ నీలం రిలే ఒక్కోటి కాయిల్‌కి 70 మిల్లీఆంపులు తీసుకుంటుంది, రెండిటికీ 140. మొత్తం 300. వేడి 2.1 వాట్లు. దాన్ని 65తో గుణిస్తే 136, గది 40 కలిపితే 176 డిగ్రీలు. నిజానికి అంతదాకా వెళ్లదు, 150 ప్రాంతంలోనే చిప్పు తనను తాను ఆపేసుకుంటుంది. ఈ స్వయంరక్షణ ఇలాంటి మూడు కాళ్ల చిప్పుల్లోకి 1969 నాటికే వచ్చింది, నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లర్ రూపొందించిన ఎల్‌ఎం109తో. ఆ తెలివి వల్లే 7805 కాలిపోకుండా బతుకుతుంది. ఆ తెలివి వల్లే జబ్బు ఎక్కడుందో మనకి అంతుపట్టదు కూడా. చల్లారగానే మళ్లీ పనిచేస్తుంది కాబట్టి చిప్పు బాగానే ఉందనుకుంటాం.

చిప్పు మీద వేలు పెట్టి చూడొద్దు, బొబ్బ లేస్తుంది. మల్టీమీటర్‌తో చూడాలి. రిలేలు పడ్డాక 7805 అవుట్‌పుట్ దగ్గర ప్రోబ్ పెట్టి రెండు నిమిషాలు ఆగండి. మొదట 5 చూపించి, తర్వాత 4కీ 3కీ జారిపోతుంటే, అదే సమయంలో ఇన్‌పుట్ దగ్గర 12 కదలకుండా ఉంటే, దోషం రెగ్యులేటర్‌ది. ఇన్‌పుటే జారిపోతుంటే అడాప్టర్ చాలడం లేదన్నమాట. కంప్యూటర్‌కి తగిలించి ఉంటే సీరియల్ మానిటర్‌లో `Brownout detector was triggered` అని వస్తుంది. అయితే ఆ వాక్యం వోల్టేజీ పడిపోయిందని చెబుతుందే గాని ఎందుకు పడిందో చెప్పదు. ఖాయం చేసుకోవడానికి ఇంకో సులువైన పరీక్ష ఉంది. టేబుల్ ఫ్యాన్ తెచ్చి చిప్పు మీదికి తిప్పండి. రీసెట్లు ఆగిపోతే కోడ్ జోలికి వెళ్లనక్కర్లేదు.

హీట్‌సింక్ బిగిస్తే సరిపోదా అంటే, బయట ఉన్న బోర్డుకైతే సరిపోతుంది. వాటుకి 20 డిగ్రీల చిన్న అల్యూమినియం రెక్క బిగిస్తే చిప్పు లోపలి అడ్డంకితో కలిపి 26 అవుతుంది. 2.1 వాట్లకి 55 డిగ్రీలు, గదితో కలిపి 95. బాగానే ఉంది. కానీ ఈ బోర్డు ఉండేది గదిలో కాదు, మేడ మీద, వాన తగలకుండా మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో. రెక్క వేడిని డబ్బాలోని గాలికి ఇస్తుంది, ఆ గాలికి బయటికి దారి లేదు. డబ్బా లోపలే 60, 65 డిగ్రీలకి చేరితే లెక్క మళ్లీ హద్దు దగ్గరికే వస్తుంది. పక్కనున్న కెపాసిటర్లు కూడా ఆ వేడికి త్వరగా ఎండిపోతాయి. హీట్‌సింక్ వేడిని తగ్గించదు, పుట్టిన వేడిని అక్కణ్ణుంచి జరుపుతుంది, అంతే. అడాప్టర్ నుంచి లాగిన 3.6 వాట్లలో బోర్డుకి అందేది 1.5. మిగిలిన 2.1 ఆ డబ్బాలోనే ఉండిపోతుంది.

వేడిని అసలు పుట్టకుండా చూసే పద్ధతి బక్ కన్వర్టర్‌ది. ఒక భాగంలో వేడి పుట్టాలంటే దాని మీద వోల్టేజీ పడుతూ, అదే సమయంలో దాని గుండా కరెంటు పారుతూ ఉండాలి. 7805లోని ట్రాన్సిస్టర్ సగం తెరిచిన స్థితిలో ఉంటుంది కాబట్టి దాని మీద రెండూ ఎప్పుడూ ఉంటాయి. బక్‌లోని ట్రాన్సిస్టర్ స్విచ్చులా పనిచేస్తుంది. పూర్తిగా తెరిచినప్పుడు కరెంటు పారుతుంది గాని దాని మీద వోల్టేజీ కొద్దిగానే పడుతుంది. పూర్తిగా మూసినప్పుడు వోల్టేజీ ఉంటుంది గాని కరెంటు ఉండదు. బజారులో దొరికే ఎల్‌ఎం2596 మాడ్యూల్‌లో ఈ స్విచ్చు సెకనుకి లక్షా యాభై వేల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. 12ని 5 చేయడానికి ప్రతి విడతలో దాదాపు 42 శాతం సేపు తెరిచి ఉంచుతుంది.

అలా ముక్కలైన వోల్టేజీని బోర్డుకి ఇస్తే బోర్డు బతకదు. అందుకే మాడ్యూల్ మీద ఆ లావుపాటి కాయిల్. స్విచ్చు తెరిచినప్పుడు కాయిల్ తన అయస్కాంత క్షేత్రంలో శక్తిని దాచుకుంటుంది. మూసినప్పుడు ఆ శక్తి పక్కనున్న డయోడ్ గుండా చుట్టు తిరిగి బోర్డుకే చేరుతుంది. కరెంటు ఆగిపోదు, కొద్దిగా ఊగుతుంది. ఆ ఊగిసలాటను కెపాసిటర్ సర్దుతుంది. ఫలితంగా అడాప్టర్ నుంచి లాగే కరెంటే తగ్గిపోతుంది. మన బోర్డుకి కావాల్సిన 1.5 వాట్ల కోసం, 80 శాతం సామర్థ్యం అనుకుంటే, అడాప్టర్ 1.9 వాట్లు ఇస్తే చాలు. అంటే 300 మిల్లీఆంపులకి బదులు 160. వృథా 0.4 వాట్లు, అదీ చిప్పు, డయోడ్, కాయిల్ పంచుకుంటాయి. మూత బిగించిన డబ్బాలో కూడా దీనికి దిగులు లేదు.

అయితే దీనికీ ఒక చిక్కుంది. ఆ ఊగిసలాట పూర్తిగా పోదు. సెన్సర్ ఇచ్చే సన్నటి వోల్టేజీని చదువుతున్నప్పుడు అంకెలు నిలకడగా ఉండకపోవచ్చు. ఆడియో బోర్డుల్లోనైతే చెవికే తెలుస్తుంది. ఇక్కడే లీనియర్ రెగ్యులేటర్ మళ్లీ అక్కరకొస్తుంది. ఈఎస్‌పీ32 బోర్డు మీద 5ని 3.3 చేసే బుల్లి చిప్పు, తరచుగా ఏఎంఎస్1117, లీనియరే. అక్కడ తేడా 1.7 వోల్టులే కాబట్టి 120 మిల్లీఆంపులకి వేడి 0.2 వాట్లు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. దూరం ఎక్కువున్న మెట్టును బక్‌తో దిగి, చివరి చిన్న మెట్టును లీనియర్‌తో దిగడం మంచి పద్ధతి. అదే బుల్లి చిప్పుకి నేరుగా 12 ఇస్తే మాత్రం తేడా 8.7 వోల్టులై, వాటుకి పైగా వేడి పుడుతుంది. గోరంత చిప్పు దాన్ని ఎంతోసేపు మోయలేదు. ఆర్డినో ఊనోకి 7 నుంచి 12 వోల్టుల దాకా ఇవ్వొచ్చని రాసి ఉంటుంది. ఎంత కరెంటు లాగుతున్నప్పుడు అన్నది కూడా చూడాలి. దాని 5 వోల్టుల పిన్ నుంచి రిలేలు నడిపితే 12 దగ్గర ఆ బోర్డుదీ ఇదే అవస్థ.

లాగే కరెంటు 20, 30 మిల్లీఆంపులే అయితే 12 నుంచి కూడా 7805 హాయిగా నడుస్తుంది, బక్ అనవసరం. 12 వోల్టులతో పనే లేని బోర్డయితే రెండూ వద్దు, 5 వోల్టుల అడాప్టర్ కొనుక్కోవడమే తెలివైన పని. పాత బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ వాడుతుంటే ముందు మీటర్ పెట్టి చూడండి. పైన 12 అని ఉన్నా తక్కువ లోడు మీద 16 దాకా ఇచ్చేవి ఉంటాయి. అప్పుడు మన లెక్కలోని 7 కాస్తా 11 అవుతుంది.

బక్ మాడ్యూల్ కొన్నవాళ్లు దాన్ని తిన్నగా బోర్డుకి తగిలించకూడదు. కొత్త మాడ్యూల్ అవుట్‌పుట్ ఎంతకి తిప్పి ఉందో తెలియదు, 12కి దగ్గరగా కూడా ఉండొచ్చు. ముందు అడాప్టర్‌ని ఇన్‌పుట్‌కి, మీటర్‌ని అవుట్‌పుట్‌కి పెట్టి, నీలం ట్రిమ్మర్ మీది ఇత్తడి స్క్రూని సన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి. అది చాలా చుట్ల ట్రిమ్మర్. మొదటి కొన్ని చుట్లకి అంకె కదలకపోయినా పాడైందనుకోవద్దు, తిప్పుతూ ఉంటే దిగుతుంది. 5.0 దగ్గర ఆపి, అడాప్టర్ తీసి మళ్లీ పెట్టి అంకె నిలిచిందో లేదో చూసుకుని, స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే అదిరినా కదలదు. బోర్డుని ఆ తర్వాతే కలపాలి.