ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్, 90 రోజుల విచారణ

"ఇంకో ఐదు వారాలేగా, ఓర్చుకుంటే అయిపోతుంది." ఇంటర్న్‌షిప్‌లో ఇబ్బంది ఎదురైన అమ్మాయిలు చాలామంది ఇలాగే సర్దిచెప్పుకుంటారు. ఈ లెక్క తప్పని చట్టంలోని గడువులే చెబుతాయి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. హైదరాబాద్‌లో 40 మంది పనిచేసే కంపెనీ. మూడో సంవత్సరం ఇంజినీరింగ్ విద్యార్థిని జూన్ 9న ఇంటర్న్‌గా చేరింది, ఇంటర్న్‌షిప్ ఆగస్టు 1న ముగుస్తుంది. రెండో వారంలో టీమ్ లీడ్ ఆమె బట్టల మీద వ్యాఖ్యలు మొదలుపెట్టాడు. తర్వాత రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు. జూన్ 27న మీటింగ్ రూమ్‌లో భుజం మీద చెయ్యి వేసి, "డిన్నర్‌కి వస్తే నీ ఆఫర్ లెటర్ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

స్టైపెండ్ కూడా లేని ఇంటర్న్‌కి ఫిర్యాదు చేసే హక్కు ఉంటుందా? ఉంటుంది. 2013 నాటి పోష్ చట్టం ఉద్యోగి అనే మాటకిచ్చిన అర్థంలో జీతం లేకుండా పనిచేసేవారు, ట్రెయినీలు, అప్రెంటిస్‌లు, మరే పేరుతో పిలిచినా అలాంటివారు అందరూ వస్తారు.

ఆమె ముందు హెచ్‌ఆర్‌కి చెప్పింది. "నేను మాట్లాడతాలే" అన్నారు. ఎక్కువ కేసులు నీరుగారిపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం. హెచ్‌ఆర్ వేరు, అంతర్గత కమిటీ వేరు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా ఆ కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. కమిటీని నియమించిన ఉత్తర్వును ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి. పదిమంది లేని చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. సొంతంగా రాయలేకపోతే కమిటీ సభ్యులే రాయడానికి సాయపడాలి. గడువు మూడు నెలలు. ఒకటి తర్వాత ఒకటిగా జరిగినప్పుడు చివరి సంఘటన నుంచి లెక్క. అంటే ఈమెకు సెప్టెంబర్ 27 వరకు సమయం ఉంది. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలల వరకు పొడిగించవచ్చు.

ఆమె జులై 7, సోమవారం ఫిర్యాదు ఇచ్చిందనుకుందాం. దాని ప్రతిని కమిటీ ఏడు పనిదినాల్లో అతనికి పంపాలి: జులై 16. అతను జవాబివ్వడానికి పది పనిదినాలు: జులై 30. సెలవులు పడితే ఇంకా వెనక్కి పోతుంది. ఆగస్టు 1కి ఆమె ఇంటర్న్‌షిప్పే అయిపోతుంది. విచారణకు 90 రోజుల గడువు అక్టోబర్ 5న ముగుస్తుంది, నివేదికకు మరో పది రోజులు. దాని మీద చర్య తీసుకోవడానికి యాజమాన్యానికి 60 రోజులు. ఆమె కాలేజీకి తిరిగి వెళ్లిపోయినంత మాత్రాన ఫిర్యాదు మూతపడదు.

అయితే ఆగస్టు 1న ఆమెకు మార్కులు వేసేది ఎవరు? ఆ టీమ్ లీడే. అసలు భయం అదే, నిజమైన భయం. అందుకే ఫిర్యాదుతోపాటే ఇంకో రాతపూర్వక అభ్యర్థన పెట్టాలి: విచారణ ముగిసేదాకా నా పనితీరు అంచనా వేసే బాధ్యత అతని నుంచి తప్పించి మరో అధికారికి ఇవ్వండి, నన్ను వేరే టీమ్‌కి మార్చండి అని. ఈ మధ్యంతర ఉపశమనాన్ని సిఫారసు చేసే అధికారం కమిటీకి ఉంది, కానీ ఆమె అడగాలి.

కాలేజీలో కూడా అంతర్గత కమిటీ ఉంటుంది. యూజీసీ నిబంధనలు క్యాంపస్ అనే మాటలో ఇంటర్న్‌షిప్‌లనూ చేర్చాయి. పోష్ చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. అబ్బాయిలూ, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులూ వేధింపుకు గురైతే యూజీసీ నిబంధనల అండ ఉంది, కాబట్టి వాళ్లు మొదట కాలేజీ కమిటీ తలుపు తట్టాలి. కంపెనీ ఉద్యోగిని శిక్షించే అధికారం కాలేజీకి లేదు. అయినా విద్యార్థిని అక్కడి నుంచి తప్పించి, క్రెడిట్లు పోకుండా వేరే చోట పూర్తి చేయించడం కాలేజీ చేతిలో పని.

ఫిర్యాదులో "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తే కమిటీకి పట్టు దొరకదు. ఇలా రాయాలి: "జూన్ 27, శుక్రవారం, సాయంత్రం 6:40. రెండో అంతస్తు మీటింగ్ రూమ్. తలుపు వేశాడు. కుడి భుజం మీద చెయ్యి వేశాడు. నేను జరిగాను." ఆ తర్వాత అతను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. బయటికొచ్చాక ఎవరికి చెప్పిందో కూడా రాయాలి, వాళ్లు సాక్షులవుతారు. ఫిర్యాదు, ఆధారాలు ఆరు ప్రతులు కావాలి.

చిన్న విషయంలా కనిపించేది ఒకటుంది. ఇంటర్న్‌షిప్ ముగిసిన రోజే ఆఫీసు మెయిల్, చాట్ మూసేస్తారు. అతను పంపిన మెసేజ్‌లను ఆమె తేదీ, సమయం కనిపించేలా ముందే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి. ఫిర్యాదు మీద సొంత మెయిల్, ఇంటి చిరునామా ఇవ్వాలి, అక్టోబర్‌లో వచ్చే నివేదిక ఆమెకు చేరాల్సింది అక్కడికే.