పట్టిక కన్నా ముందు శీర్షం

y = 2x² − 12x + 13 కు గ్రాఫ్ గీసి, శీర్షం గుర్తించండి. హైస్కూలు గణితం వర్క్‌షీట్‌లో ఇలాంటి ప్రశ్న కనబడగానే చాలామంది పిల్లలు పట్టిక గీసి, అలవాటు కొద్దీ x కు −3 నుంచి 3 దాకా విలువలు రాసేస్తారు. −3 దగ్గర y విలువ 67. −2 దగ్గర 45. −1 దగ్గర 27. అంత పెద్ద అంకెలు గ్రాఫ్ కాగితంలో పట్టక స్కేలు మార్చుకుంటారు. ఇంత చేసినా, గీత ఎడమ నుంచి కిందికి దిగుతూ వచ్చి ఆగిపోతుంది తప్ప మళ్ళీ పైకి లేవదు. గుణకారంలో తప్పేమీ లేదు. x విలువలు తీసుకున్న చోటే సరిగ్గా లేదు.

పరావలయం ఎక్కడ మలుపు తిరుగుతుందో ముందే తెలిస్తే పట్టికను ఆ చోటు చుట్టూ వేసుకోవచ్చు. ఆ చోటును చెప్పేదే వర్గాన్ని పూర్తి చేసే పద్ధతి.

ఆ పద్ధతి వెనక ఒక బొమ్మ ఉంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ x² + 10x = 39 అనే లెక్కను చతురస్రం గీసి వివరించాడు. x భుజంగా ఒక చతురస్రం తీసుకుని, 10xను సగం చేసి, 5 వెడల్పున్న రెండు పట్టీలుగా దాని రెండు పక్కలా అతికించాలి. మూలలో 5 × 5 ఖాళీ మిగులుతుంది. అక్కడ 25 చేరిస్తే పెద్ద చతురస్రం పూర్తవుతుంది. 39, 25 కలిసి 64, కాబట్టి దాని భుజం 8. అందులోంచి 5 తీసేస్తే x = 3. సగం చేసి వర్గం ఎందుకు కట్టాలని అడిగే పిల్లలకు ఈ బొమ్మ చూపిస్తే చాలు.

ఇక వర్క్‌షీట్ లెక్కకు వద్దాం. x² ముందు 2 ఉంది గనక మొదటి రెండు పదాల్లోంచి దాన్ని బయటికి తీయాలి. 13ను కదపనక్కర్లేదు.

```
y = 2(x² − 6x) + 13
  = 2(x² − 6x + 9 − 9) + 13
  = 2(x − 3)² − 18 + 13
  = 2(x − 3)² − 5
```

6లో సగం 3, దాని వర్గం 9. బ్రాకెట్‌లో 9 కలిపి, అక్కడే 9 తీసేశాం కాబట్టి విలువ మారలేదు. తర్వాత ఆ −9 బ్రాకెట్ దాటి బయటికి రావాలంటే 2తో గుణించుకుని −18గా రావాలి.

ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. −18కి బదులు −9 రాస్తే 2(x − 3)² + 4 వస్తుంది, శీర్షం (3, 4) అని తేలుతుంది. ఈ తప్పును పట్టుకోవడానికి x = 0 వేసి చూస్తే సరిపోతుంది. అసలు సమీకరణం 13 ఇస్తుంది, తప్పు రూపం 22 ఇస్తుంది. రెండూ ఒకటి కాకపోతే గ్రాఫ్ దాకా వెళ్ళనక్కర్లేదు.

సరైన రూపంలో (x − 3)² ఎప్పుడూ సున్నా కన్నా తక్కువ కాదు. x = 3 అయినప్పుడే అది సున్నా అవుతుంది, అప్పుడు y = −5. మరే x తీసుకున్నా y అంతకన్నా పెద్దదే. కాబట్టి శీర్షం (3, −5). బ్రాకెట్‌లో మైనస్ కనిపించిందని (−3, −5) అని రాసేవాళ్ళు చాలామందే ఉంటారు. బ్రాకెట్‌ను సున్నా చేసే x ఏదని అడుగుకుంటే ఆ తికమక ఉండదు. x² ముందు మైనస్ ఉంటే మాత్రం పరావలయం కిందికి తెరుచుకుంటుంది, శీర్షం అన్నిటికన్నా ఎత్తైన బిందువవుతుంది. ఉదాహరణకు −x² + 4x + 1 అంటే −(x − 2)² + 5, దాని శీర్షం (2, 5).

ఇప్పుడు 3ను మధ్యలో పెట్టి, అటూ ఇటూ రెండేసి విలువలతో పట్టిక వేస్తే లెక్క ఎంత తేలికవుతుందో చూడండి. x = 1 దగ్గర 3, 2 దగ్గర −3, 3 దగ్గర −5, 4 దగ్గర మళ్ళీ −3, 5 దగ్గర మళ్ళీ 3. శీర్షానికి సమాన దూరంలో ఉన్న చోట్ల y ఒకటే, కాబట్టి సగం లెక్క చేస్తే మిగతా సగం దానంతటదే వస్తుంది. అటూ ఇటూ విలువలు జతపడకపోతే ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. అయిదు బిందువులూ చిన్న కాగితంలోనే పడతాయి, మలుపు స్పష్టంగా కనిపిస్తుంది.

శీర్షం x విలువకు −b/2a అనే సూత్రం ఉంది. 12ను 4తో భాగించినా అదే 3 వస్తుంది. అయితే ఆ సూత్రం పుట్టింది ax² + bx + c మీద ఇదే పద్ధతి నడిపినప్పుడే. అందుకే ముందు నాలుగైదు లెక్కలు వర్గం పూర్తి చేసి సాధించాక సూత్రం చెబితే, పిల్లలు గుర్తులు తారుమారు చేయరు.

వర్క్‌షీట్లు తయారుచేసే టీచర్లకు ఒక విన్నపం. పట్టికలో x విలువలు ముందే అచ్చు వేసి ఇవ్వకండి. ఆ గళ్ళు ఖాళీగా వదిలి, దాని పైన శీర్షం రాయడానికి చోటు పెట్టండి.