దుకాణంలో చెల్లే కార్డు యాప్‌లో ఎందుకు చెల్లదు?

పాత డెబిట్ కార్డు గడువు ముగిసి బ్యాంకు కొత్తది పంపింది. కిరాణా కొట్టులో, పెట్రోలు బంకులో గీకితే డబ్బు చక్కగా పోతోంది. కానీ నెలకు 299 రూపాయల సినిమా యాప్ చందా మాత్రం కట్ కావడం లేదు. ఖాతాలో వేలల్లో డబ్బుంది. యాప్ మాత్రం 'మీ కార్డు తిరస్కరణకు గురైంది' అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది, కారణం చెప్పదు.

ఇలాంటప్పుడు చాలామంది కార్డు పాడైందనుకుంటారు. అయితే దుకాణంలో జరిగే చెల్లింపు, యాప్ చందా చెల్లింపు బ్యాంకు దృష్టిలో రెండు వేర్వేరు వ్యవహారాలు. దుకాణంలో కార్డు చిప్‌ను మెషిన్ చదువుతుంది, మనం పిన్ కొడతాం. అంటే కార్డూ, దాని యజమానీ అక్కడే ఉన్నట్టు బ్యాంకుకు ఆధారం దొరుకుతుంది. చందా విషయంలో కార్డు మన జేబులో ఉంటుంది, మనం నిద్రలో ఉండొచ్చు, డబ్బు అడిగేది కంపెనీ కంప్యూటరు. అందుకే రిజర్వు బ్యాంకు దీనికి విడిగా నిబంధనలు పెట్టింది.

మొదటి నిబంధన కార్డులోని స్విచ్చులకు సంబంధించింది. 2020 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల మెషిన్లలో మాత్రమే పనిచేస్తాయి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. కొత్త కార్డు దుకాణంలో చెల్లి యాప్‌లో చెల్లకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలోకి వెళ్తే ఈ స్విచ్చులు, వాటి పక్కనే రోజువారీ పరిమితులు కనిపిస్తాయి. కొన్ని కంపెనీలు ధర రూపాయల్లో చూపినా బిల్లు విదేశం నుంచి వేస్తాయి. వాటికి అంతర్జాతీయ స్విచ్ కూడా కావాలి.

రెండోది ఈ-మాండేట్. ప్రతి నెలా ఈ కంపెనీ ఇంత సొమ్ము తీసుకోవచ్చని మనం బ్యాంకుకు ముందుగా ఇచ్చే అనుమతి ఇది. 2021 అక్టోబరు 1 నుంచి ఇది లేకుండా కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపులు కుదరవు. అనుమతి నమోదు చేసేటప్పుడు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మనకు సమాచారం పంపాలి. కంపెనీ పేరు, మొత్తం, తేదీ అందులో ఉంటాయి. వద్దనుకుంటే అప్పుడే ఆపేయొచ్చు.

మన ఉదాహరణలో పాత అనుమతి పాత కార్డు నంబరు మీద ఉంది. కొత్త కార్డుకు అది చాలాసార్లు దానంతటదే బదిలీ కాదు. కాబట్టి ఆన్‌లైన్ స్విచ్ వేశాక యాప్‌లోని చెల్లింపుల పేజీలో పాత కార్డు తీసేసి, కొత్తది చేర్చి, ఓటీపీతో మళ్లీ అనుమతి ఇవ్వాలి.

మూడోది పరిమితి. 2022 జూన్ నుంచి ఒక్కో చెల్లింపు 15,000 రూపాయల వరకు ఉంటే మళ్లీ ఓటీపీ అక్కర్లేదు. అది దాటితే ప్రతిసారీ కావాలి. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకు 2023 డిసెంబరులో ఈ హద్దును లక్ష రూపాయలకు పెంచారు. మనం అనుమతి ఇచ్చేటప్పుడు గరిష్ఠ మొత్తం పెట్టి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. 299 వరకే అనుమతిచ్చి, కంపెనీ ధరను 349 చేస్తే ఆ నెల చెల్లింపు ఆగిపోతుంది.

ఎక్కడ ఆగిందో ఓటీపీని బట్టి కొంత పసిగట్టొచ్చు. కార్డు వివరాలు ఇవ్వగానే, ఓటీపీ రాకముందే తిరస్కరిస్తే స్విచ్చులు, పరిమితులు చూడండి. ఓటీపీ సరిగ్గా కొట్టాక తిరస్కరిస్తే, ఆ కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపులకు బ్యాంకు అనుమతి ఇస్తోందో లేదో అడగండి. మొదటి నెల కట్ అయి రెండో నెల ఆగితే, బ్యాంకు యాప్‌లో మాండేట్ ఇంకా అమల్లో ఉందో లేదో, ఆ రోజు ఖాతాలో సొమ్ముందో లేదో చూడండి. కార్డుతో కుదరకపోతే, యాప్ ఒప్పుకుంటే యూపీఐ ఆటోపే మరో దారి.

ఈ అనుమతులకు బ్యాంకు మన దగ్గర రుసుము తీసుకోకూడదు. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన అనుమతి రద్దు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాడని చందాలకు డబ్బు పోకుండా ఉండాలంటే యాప్‌లో చందా రద్దు చేసి, బ్యాంకు దగ్గరున్న మాండేట్ల జాబితాలోంచి కూడా దాన్ని తొలగించాలి.