నెలనెలా వెళ్లే న్యూస్‌లెటర్‌ను టీమంతా చదవాలంటే

ఒక మందుల పంపిణీ సంస్థ ఉందనుకుందాం. గోడౌన్ వాళ్లు, బిల్లింగ్ వాళ్లు, షాపులు తిరిగే సేల్స్ కుర్రాళ్లు, వ్యాన్ డ్రైవర్లు అంతా కలిపి అరవై మంది. ప్రతి నెలా ఒకటో తేదీన వీళ్లకు న్యూస్‌లెటర్ వెళ్తుంది. మొదటి పేజీ నిండా మేనేజర్ గారి సందేశం. తర్వాత ఫొటోలు, పుట్టినరోజులు. నాలుగో పేజీలో ఎక్కడో ఒక మూల, కాలం తీరిన మందులు వాపసు తీసుకునే కౌంటర్ మారిందన్న సంగతి. మరుసటి వారం సేల్స్ కుర్రాళ్లు సంచులతో పాత కౌంటర్ దగ్గరే నిలబడతారు. "మాకెవరూ చెప్పలేదండీ" అంటారు. నిజానికి చెప్పారు, కానీ వాళ్ల కళ్లు పడని చోట చెప్పారు.

తెర మీద మనుషులు చదివే తీరును జేకబ్ నీల్సన్ 1997లో పరిశీలించారు. ఆయన చూసినవాళ్లలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు. మాట మాటా చదివినవాళ్లు 16 శాతమే. న్యూస్‌లెటర్ రాసేవాళ్లు ఈ అలవాటును ముందే ఒప్పుకుని పనిలోకి దిగాలి. చదివేవాళ్లను మార్చలేం కాబట్టి కళ్లు ఎక్కడ ఆగుతాయో అక్కడే సంగతి పెట్టాలి.

అందుకే శీర్షికలు ప్రతి నెలా ఒకేలా, ఒకే వరుసలో ఉండాలి. ఈ టీముకు నాలుగు చాలు: 'ఈ నెల మారినవి', 'రాబోయే తేదీలు', 'మనవాళ్లు చేసిన పని', 'మీరు అడిగినవి'. రెండు మూడు నెలలు వరుస మారకుండా వస్తే డ్రైవరుకు తేదీలు రెండో చోట ఉంటాయని అలవాటవుతుంది, నేరుగా అక్కడికే వెళ్తాడు. మేనేజర్ సందేశాన్ని నేనైతే మొదటి చోటు నుంచి తీసేస్తాను. ఆయన మాట వినిపించాలంటే సిబ్బంది అడిగిన ఒక ప్రశ్నకు ఆయన చేతే జవాబు రాయిస్తే, దాన్ని వెతుక్కుని మరీ చదువుతారు. ఏదైనా శీర్షికకు ఆ నెల సంగతి లేకపోతే దాన్ని వదిలెయ్యడమే మంచిది. ఖాళీ నింపడానికి రాసిన నాలుగు వాక్యాలు పక్కనున్న అసలు సంగతినీ ముంచుతాయి.

అసలు కష్టం చిన్న వార్త రాయడంలో ఉంది. విభాగాల నుంచి వచ్చే ముడిసరుకు మామూలుగా ఇలా ఉంటుంది: "గౌరవనీయులైన మేనేజర్ గారి అధ్యక్షతన తేదీ 18న సమీక్షా సమావేశం జరిగినది. కాలం తీరిన మందుల వాపసు విధానంపై కూలంకషంగా చర్చించి, సౌలభ్యం దృష్ట్యా తగు మార్పులు చేయుటకు నిర్ణయించడమైనది." ఇందులో సమావేశం ఉంది, మార్పు మాత్రం లేదు. ఏం మారింది, ఎప్పటి నుంచి, ఎవరు ఏం చెయ్యాలి అనే మూడూ రాసి పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగాల్సిందే. అడిగాక వార్త ఇలా తయారవుతుంది:

"కాలం తీరిన మందుల వాపసు ఇక ప్రతి సోమవారం. ఇన్నాళ్లూ నెలాఖరులో ఒక్కరోజే తీసుకునేవాళ్లం. సెప్టెంబరు 7 నుంచి ప్రతి సోమవారం సాయంత్రం 5 లోపు గోడౌన్ రెండో కౌంటర్లో ఇవ్వండి. బ్యాచ్ నంబరు రాసిన చీటీ లేని సంచి తీసుకోరు. సందేహాలుంటే బిల్లింగ్ సూపర్‌వైజర్‌ను అడగండి."

మారిన విషయం మొదటి వాక్యంలోనే ఉంది కాబట్టి అక్కడితో ఆపేసినవాళ్లకూ ముఖ్యమైనది అందుతుంది. అయినా ఈ వార్త ఇంకా పూర్తి కాలేదు. 2026 క్యాలెండర్ తీసి చూస్తే సెప్టెంబరు 14 సోమవారం, ఆ రోజే వినాయక చవితి. గోడౌన్‌కు సెలవు. "ఆ వారం వాపసు మంగళవారం, 15న" అని ఇంకొక్క వాక్యం చేర్చకపోతే రెండో వారమే అందరూ ఫోన్లు చేస్తారు. ప్రతి వార్తనూ పంపే ముందు, దాని ప్రకారం నడుచుకోవాల్సిన మనిషికి చూపించి "ఇంకేమైనా అడగాలనిపిస్తోందా?" అని కనుక్కోవాలి. సేల్స్ కుర్రాడైతే ఈ చవితి సంగతి అక్కడికక్కడే అడిగేస్తాడు.

మెచ్చుకోలు రాసేటప్పుడు ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. "అంకితభావంతో పనిచేసిన గోడౌన్ సిబ్బందికి అభినందనలు" అంటే ఎవరూ తమ గురించే అనుకోరు. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రాత్రి కరెంటు పోయినప్పుడు ఒకతను ఫ్రిజ్ ఉష్ణోగ్రత చూసి, అది 8 దాటకముందే పెట్టెలను జనరేటర్ ఉన్న గదిలోకి మార్చాడనుకోండి. ఎన్ని పెట్టెలు, ఎన్ని గంటలకు, తోడు ఎవరు అని అతన్నే అడిగి రాయాలి. అలా రాసిన ఐదు వాక్యాల్లో పొగడ్త అక్కర్లేదు, రేపు కరెంటు పోతే ఏం చెయ్యాలో మిగతావాళ్లకూ తెలుస్తుంది. పేరు మాత్రం అతను ఎలా రాసుకుంటాడో అలాగే పడాలి. తన పేరు తప్పుగా పడిన మనిషి ఆ సంచికలో ఇంకేదీ గుర్తుపెట్టుకోడు.

ఇలాంటి సంగతులు వాటంతటవి రావు. "ఏమైనా ఉంటే 25లోగా పంపండి" అని సందేశం పెడితే ఏమీ రాదు. 20వ తేదీ ప్రాంతంలో ఒక్కో విభాగంలో ఒక్కరిని ఒక్కో ప్రశ్న అడగాలి. బిల్లింగ్‌లో "ఈ నెల ఎక్కువసార్లు ఏ తప్పు దిద్దారు?" అని, డ్రైవర్‌ను "ఏ రూటులో ఆలస్యమవుతోంది?" అని అడిగితే నిలబడిన చోటే జవాబు చెబుతారు.

పంపే తీరు మీద కూడా చదవడం ఆధారపడి ఉంటుంది. ఫోన్‌లో సబ్జెక్టు లైనులోని మొదటి కొన్ని మాటలే కనిపిస్తాయి. "టీమ్ న్యూస్‌లెటర్, సెప్టెంబరు సంచిక" అని పెడితే ఆ చోటంతా వృథా. "వాపసు ఇక ప్రతి సోమవారం" అంటే తెరుస్తారు. వర్డ్‌లోంచి తెచ్చి అతికించిన మెయిల్‌లో కంటికి కనిపించని ఫార్మాటింగ్ కోడ్ చాలా చేరుతుంది. మెయిల్ 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతా భాగాన్ని కత్తిరించి లింకు వెనక దాస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి మనం ఆ హద్దుకు ఇంకా తొందరగా చేరతాం. అందంగా ఉంటుందని మొత్తం సంచికను ఒకే బొమ్మగా చేసి పంపేవాళ్లున్నారు. అందులో వెతికితే ఏ మాటా దొరకదు, ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. డ్రైవర్లకైతే అవే వార్తలను వాట్సాప్‌లో మామూలు అక్షరాల్లో పంపాలి. తలకట్టుకు రెండువైపులా నక్షత్రపు గుర్తు పెడితే, అంటే `*రాబోయే తేదీలు*` అని కొడితే, అది ముద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఎల్లుండి నుంచే అమలయ్యే మార్పును మాత్రం ఒకటో తేదీ దాకా ఆపకూడదు. అది ఆ రోజే విడిగా వెళ్లాలి, న్యూస్‌లెటర్‌లో తర్వాత మళ్లీ ఒకసారి పడితే చాలు.

ఎంతమంది చదివారో తెలుసుకోవడానికి చాలామంది మెయిల్ తెరిచినవాళ్ల లెక్క చూస్తారు. ఆపిల్ ఫోన్లలోని మెయిల్ యాప్ 2021 నుంచి, వాడేవాళ్లు గోప్యత రక్షణను ఎంచుకుంటే, మెయిల్‌లోని బొమ్మలను వాళ్లు తెరవకపోయినా ముందే తెచ్చిపెడుతోంది. దాంతో తెరవని మెయిలు కూడా తెరిచినట్టే లెక్కలోకి వస్తుంది. దానికంటే 7వ తేదీ సాయంత్రం గోడౌన్‌కు వెళ్లి చూడడం మేలు. పాత కౌంటర్ దగ్గరికి ఎంతమంది వచ్చారు, చీటీ లేని సంచులెన్ని, బిల్లింగ్‌కు వచ్చిన ఫోన్లలో వార్తలో ఉన్న సంగతినే మళ్లీ అడిగినవెన్ని అన్నది రాసుకోవాలి. ఎక్కువమంది చీటీ లేకుండానే వచ్చారంటే ఆ వాక్యం నాలుగోది కావడమే కారణం కావచ్చు. అక్టోబరు సంచికలో చీటీ సంగతే మొదటి వాక్యం కావాలి.