ఊరిని ఊరితోనే పోల్చాలి

ఎరువు ఎక్కువ వేసిన ఊళ్లో వరి ఎక్కువ పండితే, ఆ ఘనతంతా ఎరువుదేనా? నేల, నీళ్లు, రైతుల నేర్పు కూడా కావచ్చు. యైర్ ముండ్లాక్ 1961లోనే ఈ చిక్కును పట్టుకున్నాడు. దానికి విరుగుడే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ రిగ్రెషన్.

ఊహకు రెండు ఊళ్లు తీసుకుందాం. మొదటి ఊళ్లో ఒక ఏడు ఎకరాకు 2 బస్తాల ఎరువుకు 20 క్వింటాళ్లు, మరుసటేడు 3 బస్తాలకు 21. రెండో ఊళ్లో 5 బస్తాలకు 35, 6 బస్తాలకు 36. నాలుగింటినీ కలిపి లెక్కిస్తే బస్తాకు 4.6 క్వింటాళ్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఏ ఊరి అంకెల్లోంచి ఆ ఊరి సగటును తీసేసి చూస్తే పెరిగేది ఒక్క క్వింటాలే. మారని నేల గుణం ఆ తీసివేతలో కొట్టుకుపోతుంది.

అందరికీ ఒకేలా తగిలిన కరువును ఏడాదివారీ సగటు తీసేస్తుంది. కానీ ఎరువు పెంచిన ఏడాదే ఊళ్లో కొత్త బోర్లు పడితే, ఆ ఫలితమూ ఎరువు ఖాతాలోకే చేరుతుంది. కాబట్టి ఇలాంటి అధ్యయనం చదివేటప్పుడు, ఆ ఏళ్లలో ఇంకేం మారిందో ముందు చూడండి.