కమిటీ కదలనప్పుడు మహిళా కమిషన్: అపోహలు – వాస్తవాలు

ఆఫీసులో లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇచ్చి నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే, ఎవరిని అడిగినా ‘మహిళా కమిషన్‌కు రాయమ్మా’ అంటారు. సలహా మంచిదే. అయితే కమిషన్ ఏం చేయగలదో, దాని ముందు ఏం పెట్టాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కన్నీళ్లతో రాసిన పది పేజీల అర్జీ ఫైల్లో ఉండిపోతుంది, తేదీలతో రాసిన రెండు పేజీల అర్జీ మీద నోటీసు వెళుతుంది.

అపోహ: కమిషన్‌కు ఫిర్యాదు చేస్తే వేధించినవాడి ఉద్యోగం ఊడుతుంది.

కమిషన్ కోర్టు కాదు, ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో వచ్చిన మహిళా కమిషన్ చట్టమే ఇప్పటి రెండు రాష్ట్రాల కమిషన్లకూ ఆధారం. కమిషన్ మనుషుల్ని పిలిపించగలదు, కాగితాలు తెప్పించగలదు, వాంగ్మూలం తీసుకోగలదు, ఆపైన సిఫారసు చేయగలదు. ఉద్యోగి మీద చర్య తీసుకోవాల్సింది యజమానే. అదీ 2013 నాటి చట్టం, అంటే అందరూ ‘పోష్’ అనే చట్టం ప్రకారం కమిటీ ఇచ్చే నివేదిక మీద.

కాబట్టి అర్జీ చివర్లో ‘అతణ్ణి డిస్మిస్ చేయించండి’ అని రాస్తే కమిషన్ చేతిలో లేనిది అడిగినట్టే. ‘నా ఫిర్యాదుపై కమిటీ నడిపిన రికార్డు తెప్పించండి, కమిటీని నియమించిన ఉత్తర్వు చూపించమనండి, ఫలానా గడువులోగా విచారణ ముగించమని యాజమాన్యానికి సిఫారసు చేయండి’ అని రాయాలి. ఆ ఉత్తర్వు అడగడంలో మర్మం ఉంది. పదిమందీ అంతకు మించీ పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు కావాలి, సంస్థకు సంబంధం లేని బయటి సభ్యులొకరు ఉండాలి, మొత్తంలో సగం మంది అయినా మహిళలు కావాలి. గోడమీద నాలుగు పేర్లు అంటించి, బయటి సభ్యురాలికి కబురే పంపని కమిటీలు కొల్లలు. కమిటీని అసలు వేయకపోతే యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

అపోహ: జరిగిన వేధింపును ఎంత వివరంగా, ఎంత బాధగా చెబితే అంత బలం.

అంతర్గత కమిటీకి ఇచ్చిన ఫిర్యాదులో వేధింపు గురించే ఉండాలి. కమిషన్‌కు ఇచ్చేదానిలో మాత్రం బరువు రెండో భాగం మీద పడాలి: కమిటీ ఏ రోజు ఏం చేయాల్సింది, ఏం చేయలేదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విశాఖలో అరవై మంది పనిచేసే ఒక ప్రైవేటు సంస్థ. అకౌంట్స్‌లో పనిచేసే ఉద్యోగినిని మేనేజరు 2025 ఫిబ్రవరి 4న, మళ్లీ మార్చి 11న వేధించాడు. ఆమె ఏప్రిల్ 21న కమిటీ అధ్యక్షురాలికి ఈమెయిల్‌లో ఫిర్యాదు పంపింది. చివరి ఘటన నుంచి మూడు నెలలు జూన్ 11 దాకా ఉన్నాయి కాబట్టి గడువులోపే ఇచ్చినట్టు. నిబంధనల ప్రకారం కమిటీ ఏడు పనిదినాల్లో ఫిర్యాదు ప్రతిని అవతలి వ్యక్తికి పంపాలి, అంటే ఏప్రిల్ నెలాఖరుకు. అతను పది పనిదినాల్లో జవాబివ్వాలి. విచారణ తొంభై రోజుల్లో పూర్తికావాలి, ఇక్కడ లెక్కేస్తే జులై 20కి.

ఇప్పుడు ఆమె కమిషన్‌కు ఇలా రాస్తుంది: ‘21.04.2025న ఫిర్యాదు ఇచ్చాను (జత 1). 05.05.2025న, 02.06.2025న ఏమైందని ఈమెయిల్‌లో అడిగాను (జత 2, 3). జవాబు రాలేదు. నేటివరకు నన్ను ఒక్కసారీ విచారణకు పిలవలేదు. బదిలీ గానీ సెలవు గానీ ఇప్పించమని 02.06.2025న అడిగినా నిర్ణయం చెప్పలేదు.’ అంతే. ‘నరకం చూపించారు’, ‘అందరూ ఒక్కటైపోయారు’ లాంటి వాక్యాలు నిజమే కావచ్చు. కానీ యాజమాన్యం తరఫు లాయరు వాటికి ‘ఆరోపణలు అస్పష్టం’ అని ఒక్క ముక్కలో జవాబిస్తాడు. తేదీకి మాత్రం కాగితంతోనే జవాబివ్వాలి, ఆ కాగితం వాళ్ల దగ్గర లేదు.

ఇలా రాయడానికి తొంభై రోజులూ ఆగక్కర్లేదు. మే నెల మధ్యకు వచ్చినా ప్రతి వెళ్లలేదంటే, పిలుపు రాలేదంటే, అదే కమిటీ కదల్లేదనడానికి గుర్తు. అన్నట్టు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు కత్తిరించి అతికించకండి. తేదీ, సమయం, నంబరు కనబడేలా పూర్తిగా ఇవ్వాలి. ఫోన్ మార్చినా పాతది దాచుకోవాలి.

అపోహ: హెచ్‌ఆర్‌కు చెప్పాను కదా, ఫిర్యాదు చేసినట్టే.

క్యాబిన్‌లో కూర్చోబెట్టి ‘చూద్దాంలేమ్మా’ అన్న మాటకు చట్టంలో లెక్కలేదు. ఫిర్యాదు రాతపూర్వకంగా కమిటీకి చేరాలి. బాధితురాలు రాసుకోలేని స్థితిలో ఉంటే రాయడానికి సాయపడాల్సిన బాధ్యత కమిటీదే. అందిన రుజువు లేకపోతే కమిషన్ ముందు సంస్థ చెప్పే మొదటి మాట ‘మాకు ఫిర్యాదే రాలేదు’.

అపోహ: కమిషన్‌లో కేసు ఉంది కాబట్టి మిగతా గడువులు ఆగుతాయి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. మూడు నెలల గడువు కమిటీకి ఇచ్చే ఫిర్యాదుకు సంబంధించింది. తగిన కారణం ఉంటే కమిటీ దాన్ని మరో మూడు నెలలు పొడిగించగలదు, అంతకు మించి లేదు. కమిషన్‌కు అర్జీ పెట్టినంత మాత్రాన ఆ గడియారం ఆగదు.

కోల్‌కతాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం కేసు చూడండి. ఒక అధ్యాపకురాలు వైస్ ఛాన్సలర్ మీద స్థానిక కమిటీకి ఫిర్యాదు చేశారు. ఆమె చెప్పిన చివరి వేధింపు 2023 ఏప్రిల్‌లో, ఫిర్యాదు 2023 డిసెంబరు 26న. ఆ తరువాత పదవి నుంచి తప్పించడం లాంటివీ వేధింపులో భాగమేనని ఆమె వాదించారు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 12న దాన్ని ఒప్పుకోలేదు, గడువు దాటిందన్న నిర్ణయాన్నే నిలబెట్టింది. న్యాయశాస్త్రం బోధించేచోటే ఇలా జరిగితే, మామూలు ఉద్యోగిని సంగతి వేరే చెప్పాలా?

పోలీసు కేసు దారి వేరు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద లైంగిక వేధింపు నేరం. దానికి కమిటీ తేల్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

అపోహ: కమిటీ పట్టించుకోకపోతే జిల్లా స్థానిక కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు.

స్థానిక కమిటీ పది మందికి తక్కువున్న చోట్లకు, లేదా వేధించింది యజమానే అయినప్పుడు. అప్పీలు హక్కు ఉన్నది కమిటీ ఇచ్చిన సిఫారసు మీద, లేదా ఆ సిఫారసును అమలు చేయకపోవడం మీద, అదీ తొంభై రోజుల్లో. సిఫారసే రాకపోతే అప్పీలు చేయడానికి ఏముంటుంది? ఈ ఖాళీలోనే కమిషన్ పనికొస్తుంది. జాతీయ కమిషన్‌కూ రాష్ట్ర కమిషన్‌కూ ఒకేసారి పంపితే రెట్టింపు బలం అనుకుంటారు గానీ, రాష్ట్ర కమిషన్ దగ్గర నడుస్తున్నదాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. కోర్టులో ఉన్నదాన్నీ, పేరులేని ఉత్తరాన్నీ అంతే.

కమిషన్ నోటీసు అందగానే నిద్రపోతున్న కమిటీ తరచు లేచి కూర్చుంటుంది. ‘రేపు పది గంటలకు రండి, మాట్లాడుకుందాం’ అని ఫోను వస్తుంది. వెళ్లాలి, కానీ పిలుపును ఈమెయిల్‌లో పంపమని అడిగి వెళ్లాలి. అక్కడ కనీసం ముగ్గురు సభ్యులు, అధ్యక్షురాలితో సహా, ఉన్నారో లేదో చూసుకోవాలి. రాజీ అన్నది బాధితురాలు కోరితేనే, విచారణ మొదలుకాకముందే జరగాలి. డబ్బు ఇచ్చి రాజీ కుదర్చడాన్ని చట్టం ఒప్పుకోదు. ఆరోజు ఎవరున్నారు, ఏమన్నారు అన్నది ఇంటికి వెళ్లకముందే కమిటీకి ఈమెయిల్ రాసి, దాని ప్రతిని కమిషన్ ఫైలు నంబరుతో జతచేయాలి.