ఫొటోలో పడవను తర్వాత చేర్చారని ఎలా తెలుస్తుంది?

ఫొటోలో చేసిన మార్పుల చరిత్రను ఆ ఫైల్‌లోనే భద్రపరిచే పద్ధతిని కంటెంట్ క్రెడెన్షియల్స్ అంటారు. అడోబి, బీబీసీ, మైక్రోసాఫ్ట్ తదితర సంస్థలు 2021లో ఏర్పాటుచేసిన సీ2పీఏ కూటమి దీని నియమాలు రూపొందించింది.

ఒక సముద్రతీరం ఫొటో ఉందనుకుందాం. ఎడిటర్ అందులోని కరెంటు స్తంభాన్ని చెరిపేసి, వేరే ఫొటోలోని పడవను తెచ్చి పెట్టాడు. ఈ పద్ధతి తెలిసిన సాఫ్ట్‌వేర్ ఆ పనులను ఫైల్‌లో ఒక పత్రంగా రాసిపెడుతుంది. పడవ చేర్చినందుకు `c2pa.placed` అనీ, స్తంభం చెరిపినందుకు `c2pa.edited` అనీ నమోదు చేయవచ్చు. పత్రంలో అసలు ఫొటో చిన్న నమూనా కూడా ఉంటే, స్తంభం ఎక్కడ ఉండేదో పక్కపక్కనే పెట్టి చూసుకోవచ్చు.

మరి ఆ పత్రాన్నే ఎవరైనా దిద్దేస్తే? దానికీ కాపలా ఉంది. ఫైల్‌లోని డేటాను లెక్కకట్టి హ్యాష్ అనే పెద్ద సంఖ్య తీస్తారు. ఒక్క పిక్సెల్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. హ్యాష్‌తో కలిపి పత్రం మీద డిజిటల్ సంతకం పడుతుంది. తనిఖీలో లెక్క మళ్లీ వేస్తారు. సరిపోలకపోతే దొంగ మార్పు బయటపడుతుంది.

పత్రాన్ని దొంగతనంగా దిద్దడం కష్టమే గానీ పూర్తిగా పోగొట్టడం చాలా తేలిక. స్క్రీన్‌షాట్ తీస్తే చాలు, కొత్త ఫైల్‌లో అది ఉండదు. కాబట్టి పత్రం లేనంత మాత్రాన ఫొటో నకిలీది అనలేం. పత్రం ఉన్నా దృశ్యం నిజమని హామీ లేదు: కెమెరా ముందు నాటకం ఆడించి తీసిన ఫొటోకూ సరైన సంతకమే పడుతుంది.